టీపీఎన్ పేషెంట్ రిపోర్టులు "నార్మల్" అని వస్తున్నప్పుడు రివ్యూలో ఏం రాయాలి?

ప్రశ్న: చెన్నైలో ఒక ప్రైవేట్ హాస్పిటల్ సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. మొదటిసారి ఒక టీపీఎన్ పేషెంట్‌ని నాకు అప్పగించారు. లైన్ ఇన్ఫెక్షన్, లివర్, ఎలక్ట్రోలైట్స్ చూసి రోజూ రివ్యూ రాయమంటున్నారు. రిపోర్టులన్నీ నార్మల్ రేంజ్‌లోనే వస్తుంటే రాయడానికేముంది? ఏది చూసి డాక్టర్‌ని పిలవాలి? టెన్షన్‌గా ఉంది, ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సమాధానం:

రిపోర్టులో పక్కన అచ్చేసిన రేంజ్‌ని కాదు, నిన్నటి అంకెను చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా వచ్చింది, ఆ మధ్యలో పేషెంట్ ఒంట్లోకి ఏం వెళ్లింది, మళ్లీ ఎప్పుడు చూస్తారు. ఈ మూడూ ఉంటే అది రివ్యూ. "ఎలక్ట్రోలైట్స్ నార్మల్" అన్నది రివ్యూ కాదు, రిపోర్టు చదివామని సంతకం పెట్టడం. పిలవాల్సిన సందర్భాలు కూడా ఈ తేడాలోంచే బయటపడతాయి.

నేను పదమూడేళ్లుగా చెన్నైలోనే న్యూట్రిషన్ సపోర్ట్ టీమ్‌లో నర్సుని, అంతకు ముందు సర్జికల్ ఐసీయూలో చేశాను. విడివిడిగా సూత్రాలు చెప్పేకంటే ఒక్క పేషెంట్ కథ మొదటి నుంచీ చెబుతాను. మీరడిగిన మూడూ ఆయనకి వరసగా వచ్చాయి. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నెల్లూరు వైపు నుంచి వచ్చారు, నలభై ఎనిమిదేళ్లు. అక్కడ పేగు చిల్లు పడి ఎమర్జెన్సీ ఆపరేషన్ అయింది, తర్వాత గాయంలోంచి పేగు రసం బయటికి రావడం మొదలైంది. మా దగ్గరికి వచ్చేసరికి 44 కిలోలు. రెండు నెలల కిందట 54 ఉండేవారట. పది రోజులకు పైగా నోటితో దాదాపు ఏమీ తీసుకోలేదు. కుడి చేతికి పిక్ లైన్ వేసి టీపీఎన్ మొదలుపెట్టారు. ఇంత చిక్కిపోయిన మనిషికి మొదటి రోజే పూర్తి కేలరీలు ఎక్కించకూడదు కాబట్టి కిలోకి 10 చొప్పున, అంటే 440 కేలరీలతో మొదలు. బ్యాగ్ తగిలించేముందే థయమిన్ ఇచ్చారు.

మొదటి ఐదు రోజులు: ఫాస్ఫరస్

మొదలుపెట్టకముందు ఆయన ఫాస్ఫరస్ 3.4, పొటాషియం 3.9, మెగ్నీషియం 1.9. చక్కగా ఉన్నాయి. ఇక్కడే కొత్తవాళ్లు మోసపోతారు. రోజుల తరబడి తిండి లేనప్పుడు కణాల లోపలి నిల్వలు ఖాళీ అవుతాయి, రక్తంలో మాత్రం అంకె నిలబడే ఉంటుంది. డెక్స్‌ట్రోజ్ ఎక్కగానే ఇన్సులిన్ పెరుగుతుంది, ఆకలితో ఉన్న కణాలు ఈ మూడింటినీ ఒక్కసారిగా లోపలికి లాక్కుంటాయి. రక్తంలో అంకె అప్పుడు పడుతుంది. దీన్నే రీఫీడింగ్ అంటాం.

మర్నాడు పొద్దున ఫాస్ఫరస్ 2.6. మా ల్యాబ్ రేంజ్ 2.5 నుంచి 4.5. రిపోర్టులో ఎర్ర గుర్తు లేదు, బాణం లేదు. నైట్ స్టాఫ్ ఫైల్లో "టీపీఎన్ డే 2, టాలరేటింగ్ వెల్, ఎలక్ట్రోలైట్స్ నార్మల్" అని రాసి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 3.4లోంచి 0.8 పోయింది. అంటే 23 శాతానికి పైగా, అదీ ఒక్క రోజులో. ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియంలలో ఏదైనా ఫీడింగ్ మొదలైన ఐదు రోజుల్లోపు 10 నుంచి 20 శాతం పడితే తేలికపాటి రీఫీడింగ్, 20 నుంచి 30 అయితే మధ్యరకం, 30 దాటితే తీవ్రమైనది అని అమెరికాలోని న్యూట్రిషన్ సపోర్ట్ సొసైటీ ఆస్పెన్ 2020లో చెప్పింది. రేంజ్‌లో ఉందా లేదా అన్నది ఆ లెక్కలో లేనే లేదు. ఆ పొద్దున నేను రౌండ్స్‌కి వచ్చి శాతం వేసి చెప్పేసరికి, ఆ రోజు పెంచాల్సిన కేలరీలు డాక్టర్ ఆపేశారు, ఫాస్ఫేట్ విడిగా ఎక్కించడం మొదలైంది. అయినా మూడో రోజుకి 1.6కి వచ్చింది. సగానికి పైగా పోయినట్టు. కేలరీలు పెంచి ఉంటే ఎక్కడ ఆగేదో. ఫాస్ఫరస్ 1 కంటే తగ్గితే ఊపిరి తీసే కండరాలకే బలం చాలదు.

మీరు ఆ రోజుల్లో మంచం దగ్గర చూడాల్సినవి: నాడి వేగం, ఊపిరి, కాళ్ల వాపు, బరువు. బరువు రోజుకి కిలో దగ్గర పెరిగితే అది కండ కాదు, నీళ్లు. మా పేషెంట్‌కి మూడో రోజు మడమల దగ్గర నొక్కితే గుంట పడింది. ఇంటివాళ్లు "కాస్త ఒళ్లు చేశాడమ్మా" అని సంతోషపడ్డారు. ఐదో రోజుకి ఫాస్ఫరస్ 2.9కి తిరిగొచ్చాక మెల్లగా కేలరీలు పెంచారు. పెంచిన ప్రతిసారీ మర్నాడు ఈ మూడూ మళ్లీ పంపాలి, ఎందుకంటే ఈ పడిపోవడం మొదటిసారే కాదు, ఒక్కసారిగా పెంచినప్పుడు కూడా వస్తుంది.

ఒక హెచ్చరిక. తగ్గాయి కదా అని పొటాషియమో ఫాస్ఫేటో వార్డులో టీపీఎన్ బ్యాగ్‌లోకి ఎక్కించకండి. కాల్షియం, ఫాస్ఫేట్ కలిస్తే సన్నటి పలుకుల్లా గడ్డకడతాయి, తెల్లటి కొవ్వు కలిసిన బ్యాగ్‌లో అవి కంటికి కనపడవు. విడిగా, వేరే లైన్‌లో, పంపు మీదే.

నమ్మకూడని రిపోర్టు

ఇది ఈ పేషెంట్‌కే ఆరో రోజు రాత్రి జరిగింది. రెండు గంటలకి ల్యాబ్ నుంచి క్రిటికల్ కాల్: గ్లూకోజ్ 1140, పొటాషియం 6.6, సోడియం 130. డ్యూటీ డాక్టర్ ఇన్సులిన్, కాల్షియం తెప్పించేశారు. సిస్టర్ మాత్రం వేలిమీద పొడిచి చూసింది: 152. ఈసీజీ ఎప్పటిలాగే ఉంది. పేషెంట్ లేచి కూర్చుని "ఏంటమ్మా ఈ గోల" అంటున్నారు.

శాంపిల్ టీపీఎన్ నడుస్తున్న ల్యూమెన్ నుంచే తీశారు. నరాలు దొరకడం లేదని, పంపు ఒక నిమిషం ఆపి, అక్కడి నుంచే లాగారు. బ్యాగ్ ద్రవంలో డెక్స్‌ట్రోజ్ ఎంత గాఢంగా ఉంటుందంటే, రక్తంలో కొద్దిగా కలిసినా గ్లూకోజ్ వెయ్యి దాటుతుంది, పొటాషియం కూడా లేస్తుంది, సోడియం పలచబడుతుంది. ఈ మూడూ ఒకేసారి ఇలా కదిలితే ముందు శాంపిల్‌ని అనుమానించండి, అవతలి చేతి నుంచి మళ్లీ తీసి పంపండి. ఆ ఇన్సులిన్ ఇచ్చేసి ఉంటే 152 ఉన్న మనిషి సంగతి ఏమయ్యేది! రివ్యూలో శాంపిల్ ఎక్కడ నుంచి తీశారో ఒక మాట రాయమని నేను అందరికీ చెప్పేది అందుకే. "ఎడమ చేతి నరం, 5.40 ఏఎం." రెండు సెకన్ల పని.

లైన్ ఇన్ఫెక్షన్: చర్మం శుభ్రంగానే ఉంటుంది

చాలామంది డ్రెస్సింగ్ తెరిచి చూసి, ఎరుపు లేదు, చీము లేదు, "సైట్ క్లీన్" అని రాసి సంతృప్తి పడతారు. చూడాల్సిందే, రాయాల్సిందే. కానీ రక్తంలోకి వెళ్లే ఇన్ఫెక్షన్ ఎక్కువసార్లు మనం రోజూ ముట్టుకునే హబ్ గుండా, లైన్ లోపలి గోడ పట్టుకుని వెళ్తుంది. బయటి చర్మానికి దాని సంగతే తెలియదు.

మా పేషెంట్‌కి తొమ్మిదో రోజు దాకా గ్లూకోజ్ 140, 150 మధ్య ఉండేది. పదో రోజు సాయంత్రం 196. పదకొండో రోజు పొద్దున 212, మధ్యాహ్నం 226. బ్యాగ్ అదే, రేటు అదే, కొత్తగా స్టెరాయిడ్ ఏదీ లేదు. టెంపరేచర్ 99.3. ఇన్సులిన్ డోసు పెంచారు తప్ప ఎందుకు పెరుగుతోందని ఎవరూ అడగలేదు. నేను ఆ రెండు రోజులు సెలవులో ఉన్నాను, కానీ ఉన్నా వెంటనే పట్టేదాన్నని గట్టిగా చెప్పలేను. లోపలికి వెళ్లేది మారకుండా గ్లూకోజ్ పెరుగుతోందంటే, జ్వరం కంటే ముందే ఇన్ఫెక్షన్ తలుపు తట్టిందేమో అని చూడాలి.

ఆ సాయంత్రం ఏడుకి కొత్త బ్యాగ్ తగిలించారు. ఏడున్నరకి ఆయన "చలేస్తోంది సిస్టర్" అన్నారు. డ్యూటీలో ఉన్నది కేరళ అమ్మాయి, తెలుగు అంతంతమాత్రం. చలి అంటే ఏసీ అనుకుని ఏసీ తగ్గించి దుప్పటి కప్పింది. ఎనిమిదింపావుకి మంచం కదిలేలా వణుకు, జ్వరం 102. ఆ నలభై ఐదు నిమిషాలు ఒక్క మాట దగ్గర పోయాయి. లైన్ ఫ్లష్ చేసిన తర్వాతో, బ్యాగ్ తగిలించిన తర్వాతో గంటలోపు చలి, వణుకు వస్తే ఏసీ సంగతి తర్వాత, ముందు లైన్‌ని అనుమానించాలి. మన తెలుగు పేషెంట్లు చెన్నై, బెంగళూరు వార్డుల్లో చాలామంది ఉంటారు కాబట్టి మా దగ్గర ఇప్పుడు బెడ్‌సైడ్ షీట్ మీద "చలేస్తోంది = రైగర్ అడగండి" అని మలయాళంలోనూ తమిళంలోనూ రాసి పెట్టాం. కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి.

అప్పుడు చేసింది వరసగా చెబుతాను. టీపీఎన్ ఆపారు. లైన్‌ని ఫ్లష్ చేయలేదు, లోపలున్నదాన్ని మళ్లీ రక్తంలోకి తోసినట్టవుతుంది. ఎడమ చేతికి క్యాన్యులా పెట్టి అదే రేటుతో 10 శాతం డెక్స్‌ట్రోజ్ మొదలుపెట్టారు. గాఢమైన గ్లూకోజ్ ఒక్కసారిగా ఆగిపోతే షుగర్ పడిపోవచ్చు. ఇన్సులిన్ నడుస్తోందని కూడా అదే ఫోన్లో డాక్టర్‌కి చెప్పారు, ఇది మరిచిపోతే పెద్ద ప్రమాదం. తర్వాత యాంటీబయాటిక్ కంటే ముందు బ్లడ్ కల్చర్లు, ఒకటి లైన్ నుంచి, ఒకటి చేతి నరం నుంచి, సమానమైన పరిమాణంలో, వెంటవెంటనే. సీసాల మీద "లైన్" అనీ "పెరిఫెరల్" అనీ టైముతో సహా రాశారు. విప్పిన బ్యాగ్‌ని పారేయకుండా ఉంచారు.

ఈ జంట కల్చర్ ఎందుకంటే, రెండింట్లోనూ ఒకే క్రిమి పెరిగి, లైన్ సీసా చేతి సీసా కంటే కనీసం రెండు గంటలు ముందు పాజిటివ్ అయితే, పుట్టిల్లు లైనే అని గట్టిగా అనుకోవచ్చు. ఆయనకి ల్యాబ్‌లో పెట్టాక లైన్ సీసా 9 గంటలకి, చేతి సీసా 12 గంటల 20 నిమిషాలకి పాజిటివ్ అయ్యాయి. మూడు గంటల 20 నిమిషాల తేడా. ఒక సీసా ఇప్పుడు, ఇంకోటి వార్డ్ బాయ్ వచ్చాక ఇంకో గంటకి ల్యాబ్‌కి పంపారనుకోండి, ఈ లెక్కంతా బూడిదలో పోసినట్టే. రెండూ ఒకే కవర్లో పంపించండి.

పెరిగింది చర్మం మీద ఉండే స్టెఫలోకాకస్ రకం. పేషెంట్ స్థిరంగా ఉంటే ఈ రకానికి లైన్‌ లోపలే యాంటీబయాటిక్ నింపి ఉంచే లాక్ థెరపీతో దాన్ని కాపాడుకునే ప్రయత్నం కొన్నిచోట్ల చేస్తారు. ఆయనకి బీపీ కూడా తగ్గుతుండటంతో తీసేశారు. స్టెఫలోకాకస్ ఆరియస్ గానీ కాండిడా గానీ వచ్చి ఉంటే ఆ చర్చే ఉండేది కాదు, లైన్ తీసెయ్యాల్సిందే.

రాకుండా చూసుకోవడంలో మీ చేతిలో ఉన్నది హబ్. స్పిరిట్ స్వాబ్‌తో కనీసం 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. ఆరనివ్వడం దగ్గరే అందరం దొరికిపోతాం. టీపీఎన్ ల్యూమెన్ టీపీఎన్‌కే, అందులో మందులు, రక్తం తీయడం వద్దు. సెట్, బ్యాగ్ 24 గంటలు దాటకూడదు. పారదర్శక డ్రెస్సింగ్ ఏడు రోజులకి, గాజుగుడ్డ అయితే రెండు రోజులకి, తడిసినా ఊడినా అప్పటికప్పుడే.

లివర్: ఏ ఎంజైమ్ ముందు లేచింది?

లివర్ రిపోర్టు తొందరపెట్టదు, అందుకే దాన్ని వదిలేస్తారు. మొదలుపెట్టకముందు ఒకటి, ఆ తర్వాత వారానికి ఒకట్రెండు సార్లు పంపితే చాలు, కానీ పాత అంకెల పక్కన రాయాలి. ఆయనవి ఇవి.

మొదట్లో: ఏఎల్‌టీ 28, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 96, బిలిరుబిన్ 0.7.
ఏడో రోజు: ఏఎల్‌టీ 74, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 140, బిలిరుబిన్ 0.9.
పదమూడో రోజు: ఏఎల్‌టీ 52, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 248, బిలిరుబిన్ 2.6, అందులో డైరెక్ట్ 1.9.

రెండూ "లివర్ ఎంజైమ్స్ పెరిగాయి" అని ఒకే మాటతో రాసేస్తే రెండు వేరువేరు సంగతులు కలిసిపోతాయి. ఏడో రోజు ముందు లేచింది ఏఎల్‌టీ. తొలి రెండు వారాల్లో ఇలా కొద్దిగా లేస్తే ఎక్కువగా అనుమానించేది కేలరీలు, ముఖ్యంగా డెక్స్‌ట్రోజ్ ఎక్కువై లివర్‌లో కొవ్వు చేరడాన్ని. అప్పటికి బ్యాగ్‌లో రోజుకి 250 గ్రాముల డెక్స్‌ట్రోజ్. 44 కిలోలకి, 24 గంటలకి లెక్కేస్తే నిమిషానికి కిలోకి 3.9 మిల్లీగ్రాములు. 5 దాటకూడదంటాం కాబట్టి బాగానే ఉంది అనుకున్నారు.

నేను ఇన్‌టేక్ చార్ట్ మొత్తం ముందేసుకుని కూర్చున్నాను. ఫిస్టులా నుంచి రోజుకి 900 మిల్లీలీటర్లు పోతున్నాయని ఎవరో 5 శాతం డెక్స్‌ట్రోజ్ కలిసిన ఫ్లూయిడ్ రోజుకి లీటరున్నర ఎక్కిస్తున్నారు. అంటే ఇంకో 75 గ్రాములు. మొత్తం 325, నిమిషానికి 5.1. బ్యాగ్‌లో కిలోకి 34 కేలరీలు అనుకుంటుంటే, నిజంగా వెళ్లేది దాదాపు 40. డైటీషియన్ లెక్కలో బ్యాగ్ ఉంది, డ్రిప్ లేదు. డ్రిప్‌ని డెక్స్‌ట్రోజ్ లేని ఫ్లూయిడ్‌కి మార్చారు. కొత్త ఆర్డర్ ఏదీ రాకపోయినా "అన్ని దారుల నుంచీ వెళ్లిన డెక్స్‌ట్రోజ్" అని ఒక లైను మీ రివ్యూలో పెట్టుకోండి. యాంటీబయాటిక్ కలిపే వంద మిల్లీలీటర్ల సీసాలు కూడా లెక్కే.

పదమూడో రోజు కథ వేరు. ఏఎల్‌టీ తగ్గింది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, డైరెక్ట్ బిలిరుబిన్ లేచాయి. పైత్యం కదలడం లేదన్నమాట. అందరి వేలూ టీపీఎన్ వైపే వెళ్లింది, ఆపేద్దామా అన్నారు కూడా. కానీ రెండు రోజుల కిందటే రక్తంలో ఇన్ఫెక్షన్. హాస్పిటల్లో ఉన్న టీపీఎన్ పేషెంట్‌కి పైత్యం నిలిచిపోతే సెప్సిస్‌ని ముందు వరసలో పెట్టి చూడాలి. అల్ట్రాసౌండ్‌లో నాళాలు ఉబ్బలేదు, పిత్తాశయంలో మడ్డి మాత్రం ఉంది, నోటితో తిననివాళ్లకి అది సహజం. యాంటీబయాటిక్ కొనసాగించారు, సర్జన్ ఒప్పుకున్నాక గొట్టం ద్వారా గంటకి 10 మిల్లీలీటర్ల ఫీడ్ మొదలెట్టారు. ఆ కొంచెమైనా పేగుని, పిత్తాశయాన్ని కదిలిస్తుంది. పదిహేడో రోజుకి బిలిరుబిన్ 1.4. అప్పుడు టీపీఎన్ ఆపేసి ఉంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడుతున్న 44 కిలోల మనిషికి తిండే లేకుండా పోయేది.

ఫైల్లో ఎలా రాయాలి

మనం ఇంగ్లిషులోనే రాస్తాం, ఇక్కడ మీకు అర్థం కావడానికి తెలుగులో పెడుతున్నాను. రెండో రోజు పొద్దున రాసి ఉండాల్సింది ఇది.

> టీపీఎన్ డే 2, ఉదయం 7.30. బరువు 44.3 (నిన్న 44.0). శాంపిల్ ఎడమ చేతి నరం. ఫాస్ఫరస్ 3.4 నుంచి 2.6, అంటే 23 శాతం తగ్గుదల; పొటాషియం 3.9 నుంచి 3.5, మెగ్నీషియం 1.9 నుంచి 1.7. రేంజ్‌లోనే ఉన్నా రీఫీడింగ్ అనుమానం. వెళ్లిన కేలరీలు 440. కాళ్ల వాపు లేదు, ఊపిరి 18. పిక్ సైట్ శుభ్రం, డ్రెస్సింగ్ డే 2. గ్లూకోజ్ 124–148. డ్యూటీ డాక్టర్‌కి 7.40కి ఫోన్లో చెప్పాను. కేలరీలు పెంచవద్దని, ఫాస్ఫేట్ ఎక్కించమని ఆర్డర్. మళ్లీ శాంపిల్ సాయంత్రం 6కి.

ఇందులో అంకెల జంట ఉంది, నా అనుమానం ఉంది, ఎవరికి ఎన్నింటికి చెప్పానో ఉంది, మళ్లీ ఎప్పుడు చూడాలో ఉంది. చివరి ముక్క లేకపోతే ముందున్నదంతా వృథా, ఎందుకంటే సాయంత్రం షిఫ్ట్ వాళ్లకి చేయాల్సిన పని దొరకదు. "మానిటర్ చేయాలి" అని రాయకండి. ఎన్నింటికి, ఏది, అంతే.

నిర్ణయం మనది కాదు కాబట్టి అనుమానం రాయడానికి భయపడతారు. "రీఫీడింగ్" అని ఖాయం చేయకుండా "అనుమానం" అని రాయండి, కింద అంకెలు పెట్టండి. ఎవరూ తప్పుపట్టరు. నన్ను ఒక సీనియర్ ఒకసారి "నువ్వు డాక్టరువా" అని అందరి ముందే అడిగాడు. శాతం లెక్క చూపించాను, ఆర్డర్ రాసి వెళ్లిపోయాడు.

రాత్రిపూట తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయాల్సినవి నా లెక్కలో ఇవి: తగిలించిన గంటలోపు చలీ వణుకూ, జ్వరం 100.4 దాటడం, కారణం లేకుండా గ్లూకోజ్ రెండుసార్లు వరసగా 180 పైకి రావడం, ఫాస్ఫరస్ గానీ పొటాషియం గానీ మెగ్నీషియం గానీ ఒక్క రోజులో ఐదో వంతు పడటం, ఊపిరి ఆయాసం. లివర్ అంకెలు పొద్దున రౌండ్స్ దాకా ఆగుతాయి, కళ్లు పచ్చబడటంతో పాటు జ్వరం ఉంటే తప్ప.

మీ పేషెంట్ ఎన్నో రోజులో ఉన్నారు, మొదలుపెట్టకముందు ఫాస్ఫరస్ ఎంత, ఇప్పుడు ఎంత? పేరూ ఐపీ నంబరూ లేకుండా ఆ రెండు అంకెలు కింద రాయండి, రాత్రి డ్యూటీ అయ్యాక చూస్తాను. మొదలుపెట్టకముందు ఫాస్ఫరస్ అసలు పంపనే లేదంటే, ఇవాళే పంపించమని అడగండి.